గేటుకు మూడున్నర మంది

ఒక గేటు దగ్గర పగలూ రాత్రీ, పండగా పబ్బం తేడా లేకుండా ఎప్పుడూ ఒక మనిషి ఉండాలంటే ఎందరు సెక్యూరిటీ గార్డులు కావాలి? రోజుకు మూడు షిఫ్టులు కాబట్టి ముగ్గురు చాలు అంటారు ఎవరైనా. అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లూ చాలాసార్లు ఆ లెక్కతోనే ఏజెన్సీని పిలుస్తారు. కానీ వారానికి 168 గంటలు. ఒక మనిషి ఆరు రోజులు ఎనిమిదేసి గంటలు పనిచేసి ఏడో రోజు సెలవు తీసుకుంటే 48 గంటలు. 168ని 48తో భాగించి చూడండి. మూడు కాదు, మూడున్నర వస్తుంది.

ఆ అర మనిషి లేనిచోట అతని పనంతా మిగతా ముగ్గురి మీద పడుతుంది. ఎవరి మీద, ఎప్పుడు పడుతుందో ముందుగా తెలియదు. పొద్దున పదకొండింటికి నిద్రలో ఉండగా ఫోన్ మోగితే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలున్న వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో వెనక గేటు నైట్ గార్డు కథ ఇది. ఆయనది శ్రీకాకుళం వైపు పల్లె. పేరూ, సైటు పేరూ రాయడం లేదు. కానీ ఆ సైటు లెక్క మాత్రం పూర్తిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆయన కష్టమూ, దాన్నుంచి బయటపడిన దారీ రెండూ ఆ లెక్కలోనే ఉన్నాయి.

నలభై రెండు డ్యూటీలు

సైటుకు రెండు గేట్లు. గార్డుల భాషలో రెండు పాయింట్లు. ఏ షిఫ్టు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు, బీ షిఫ్టు 2 నుంచి రాత్రి 10 వరకు, సీ షిఫ్టు 10 నుంచి తెల్లారి 6 వరకు. రెండు పాయింట్లకు రోజుకు ఆరు డ్యూటీలు, వారానికి నలభై రెండు. మనిషికి ఆరు డ్యూటీల చొప్పున ఏడుగురు కావాలి. కాగితం మీద ఏడుగురూ ఉన్నారు. ఆరుగురు ఒక్కో షిఫ్టుకు ఖాయంగా ఉండేవాళ్లు. ఏడో మనిషి రిలీవర్. ఎవరికి వారాంతపు సెలవు వస్తే, అంటే గార్డుల మాటలో ఆఫ్ వస్తే, ఆ రోజు వాళ్ల చోట నిలబడేది అతనే. ఆరుగురికి ఆరు రోజులు ఆఫ్ ఇచ్చి, ఏడో రోజు తను తీసుకుంటాడు.

లెక్క సరిగ్గా సరిపోయింది. సరిపోవడమే దాని బలహీనత కూడా. ఒక్కరికి జ్వరం వచ్చినా, రిలీవర్‌ను ఫీల్డ్ ఆఫీసర్ ఇంకో సైటుకు తీసుకెళ్లినా నలభై రెండులో ఒక గడి ఖాళీ. ఖాళీ గేటును ఏ కమిటీ ఒప్పుకోదు. డ్యూటీలో ఉన్నవాడిని ఇంకో షిఫ్టుకు ఆపడమో, ఇంట్లో ఉన్నవాడిని పిలవడమో తప్ప మూడో దారి లేదు.

మన గార్డు రాత్రి డ్యూటీని కోరి తీసుకున్నాడు. భార్య పగలు రెండిళ్లలో వంట చేస్తుంది. ఆయన తెల్లారి ఇంటికొచ్చి పిల్లల్ని బడికి పంపి పడుకుంటాడు. కిటికీకి దళసరి దుప్పటి కట్టుకున్నాడు. మధ్యాహ్నం దాకా తలుపు కొట్టొద్దని పక్కింటివాళ్లకు చెప్పుకున్నాడు. సీ షిఫ్టు ఖాయం, సోమవారం ఆఫ్ అని చార్టులో ఉంది. కానీ ఆ సైటులో రిలీవర్ నిలవడం లేదు. ఒకడు వస్తాడు, నెల తిరక్కుండానే మానేస్తాడు. ఇంకొకడు వచ్చేదాకా చార్టు మీద కొట్టివేతలే.

ఆయన ఒక వారం ఎలా నడిచిందో చూడండి. సోమవారం ఆఫ్ అనుకుని ఉంటే మధ్యాహ్నం ఫోన్: రిలీవర్ రాలేదు, రాత్రి పదికి రావాలి, ఆఫ్ తర్వాత ఇస్తాం. మంగళవారం తెల్లారి ఆరుకు దిగాడు. అదే రోజు రెండింటికి మళ్లీ పిలిచారు, బీ షిఫ్టు మనిషి లేడని. బీ అయ్యాక తన సీ ఎలాగూ ఉంది. బుధవారం తెల్లారేదాకా పదహారు గంటలు గేటు దగ్గరే. దీన్నే డబుల్ అంటారు. బుధవారం రాత్రి మామూలు డ్యూటీ. గురువారం పొద్దున దిగుతుంటే, నీ ఆఫ్ ఇదే అన్నారు. ఆ పగలంతా నిద్రపోయాడు, రాత్రి నిద్ర పట్టలేదు, శుక్రవారం ఉదయం ఆరుకు ఏ షిఫ్టు ఎక్కమన్నారు. మధ్యాహ్నం రెండుకు దిగి, రాత్రి పదికి మళ్లీ సీ. శని, ఆది రాత్రులు మామూలే. వారంలో ఎనిమిది డ్యూటీలు, 64 గంటలు.

ఒళ్లు ఎందుకు ఒప్పుకోదు

ఇందులో గంటల సంఖ్య కన్నా పెద్ద చిక్కు గంటలు అటూ ఇటూ గెంతడం. మన శరీరంలో ఇరవై నాలుగు గంటలకు ఒకసారి తిరిగే గడియారం ఒకటుంది. అది కణాల లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. నిద్రవేళ మార్చుకుంటే ఆ గడియారం వెంటనే మారదు. సుమారుగా రోజుకు ఒక గంట చొప్పున జరుగుతుంది. ఎనిమిది గంటలు మార్చి, అది సర్దుకునేలోపే మళ్లీ ఎనిమిది గంటలు మార్చేస్తే అది ఏ వేళకూ కుదురుకోదు.

గడియారం ముందుకు జరగడం తేలిక, వెనక్కి జరగడం కష్టం. ఒక గంట ఆలస్యంగా పడుకోవడం ఎవరికైనా చేతనవుతుంది, నిద్ర రాకుండానే గంట ముందు పడుకోవడం కాదు. అందుకే ఏ నుంచి బీకి, బీ నుంచి సీకి మారితే ఒళ్లు కొంత తట్టుకుంటుంది. సీ నుంచి బీకి, బీ నుంచి ఏకి వెనక్కి నడిపితే చిక్కు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక ఖనిజాల కర్మాగారంలో కార్మికుల షిఫ్టులను వెనక్కి తిప్పడం ఆపి ముందుకు తిప్పారు, తిప్పే వ్యవధినీ పెంచారు. కార్మికుల తృప్తీ, ఉత్పత్తీ రెండూ మెరుగుపడ్డాయని 1982లో సైన్స్ పత్రికలో అచ్చయింది. మన గార్డు వారంలో సీ తర్వాత బీ, సీ తర్వాత ఏ రెండూ ఉన్నాయి.

డబుల్ సంగతి ఇంకా సూటిగా కొలిచారు. వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి చురుకుదనానికి సమానంగా పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. మన దేశంలో తాగి బండి నడిపినట్టు లెక్కకట్టే హద్దు 0.03 శాతం. డబుల్ దిగి తెల్లారి స్కూటర్ మీద ఇంటికి వెళ్లే గార్డు ఒక్క చుక్క ముట్టకుండానే ఆ హద్దు దాటిన స్థితిలో బండి నడుపుతున్నాడన్నమాట. పైగా తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య శరీరం ఉష్ణోగ్రత బాగా తగ్గి నిద్ర ముంచుకొస్తుంది. దొంగకూ అదే అనువైన వేళ.

నోటిమాట మార్పిడి

మన గార్డు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అందరూ చేసేదే చేశాడు. ఎవరినో పట్టుకుని, ఈ ఒక్కరోజు నా డ్యూటీ చూడన్నా, నీకు ఇంకోరోజు చూస్తా అని బతిమాలాడు. వాళ్లు చూశారు. తిరిగి ఇవ్వాల్సిన రోజున ఆయన్ను ఫీల్డ్ ఆఫీసర్ డబుల్‌కు ఆపేశాడు. మాట తప్పినవాడయ్యాడు. ఇంకోసారి ఒకతను వస్తానని రాలేదు. చార్టులో పేరు మన గార్డుదే కాబట్టి గైర్హాజరు ఆయనకే పడింది, ఆ రోజు కూలి పోయింది.

మరో పద్ధతి కూడా కొన్ని సైట్లలో నడుస్తుంది: నా పేరు మీద నువ్వు నిలబడు, మస్టర్‌లో నా సంతకం నువ్వే పెట్టు. ఇది అన్నిటికన్నా ప్రమాదం. ఆ రాత్రి దొంగతనం జరిగితే రిజిస్టర్‌లో ఉన్న మనిషి వేరు, కెమెరాలో కనిపించే మనిషి వేరు. గేటు మీద పడి కాలు విరిగితే, డ్యూటీలో ఉన్నట్టు కాగితమే లేని మనిషి ఈఎస్‌ఐలో అది పనిలో తగిలిన దెబ్బ అని రుజువు చేసుకోవడానికి తంటాలు పడాలి.

ఈ తిప్పలు చూస్తున్నవాడు ముందు గేటు బీ షిఫ్టు గార్డు. వయసులో పెద్దవాడు, ఆదోని మనిషి. ఒకప్పుడు స్పిన్నింగ్ మిల్లు టైమాఫీసులో పనిచేసి, మిల్లు మూతపడ్డాక హైదరాబాద్ వచ్చాడు. రాత్రి పదింటికి రిజిస్టర్ దగ్గర ఇద్దరూ రోజూ ఎదురుపడతారు. ఒకనాడు మన గార్డు, ఇక మానేస్తానన్నా అన్నాడు. పెద్దాయన చార్టు తీసి చేతిలో పెట్టాడు.

"నువ్వు మానేస్తే నీ చోటికి ఇంకోడొచ్చి ఇదే పడతాడప్పా. ముందు ఈ రిలీవర్లు ఎందుకు పారిపోతాండారో చూడు. మంగళవారం గడి చూడు" అన్నాడు.

మంగళవారం గడిలో ఉన్నది

ఆ చార్టులో ఏ షిఫ్టు వాళ్లిద్దరి ఆఫ్‌లు మంగళ, బుధ వారాలు. బీ షిఫ్టు వాళ్లవి గురు, శుక్ర. సీ షిఫ్టులో ముందు గేటు అతనికి శనివారం, వెనక గేటు మన గార్డుకు సోమవారం. రిలీవర్‌కు ఆదివారం. విడివిడిగా చూస్తే ఎవరికీ అన్యాయం లేదు. రిలీవర్ వారాన్ని వరసగా రాస్తే అసలు సంగతి బయటపడుతుంది:

సోమ – సీ, మంగళ – ఏ, బుధ – ఏ, గురు – బీ, శుక్ర – బీ, శని – సీ, ఆది – ఆఫ్.

సోమవారం సీ షిఫ్టు ముగిసేది మంగళవారం ఉదయం ఆరుకు. మంగళవారం ఏ షిఫ్టు మొదలయ్యేదీ ఆరుకే. అంటే ప్రతివారం, ఎవరూ సెలవు పెట్టకపోయినా, రిలీవర్‌కు పదహారు గంటల డబుల్ చార్టులోనే రాసి ఉంది. చార్టు తయారుచేసినవాళ్లు మనిషికి ఆరు డ్యూటీలు వచ్చాయా అని చూశారు, వాటి మధ్య విరామం చూడలేదు. ఆ డబుల్ భరించలేక రిలీవర్ పోతాడు. రిలీవర్ పోతే ఫోన్ మన గార్డుకు వస్తుంది. అప్పుడే కొత్తగా ఒడిశా నుంచి ఒక కుర్రాడు రిలీవర్‌గా చేరాడు. ఇతనూ నెల నిలవడని పెద్దాయన ముందే చెప్పాడు.

తర్వాత ఆయన ఒక పొడుగు నోట్‌బుక్ కొని ఏడుగురినీ రెండే ప్రశ్నలు అడిగాడు. ఏ రోజు నీకు బొత్తిగా కుదరదు? ఏ రోజు ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు? నీకేం కావాలి అని మాత్రం అడగలేదు. అలా అడిగితే ఏడుగురూ ఆదివారమే అంటారని మిల్లు అనుభవం ఆయనకు నేర్పింది.

జవాబుల్లో మూడు పనికొచ్చాయి. మన గార్డుకు సోమవారం ఆఫ్ దండగ. పిల్లలు బడికెళతారు, భార్య పనికెళుతుంది. శనివారం రాత్రి సెలవైతే ఆదివారం పగలు ఇంట్లో మనిషిలా ఉండొచ్చు. ముందు గేటు నైట్ గార్డు ఆదివారం చర్చికి వెళతాడు. శనివారం ఆఫ్ అతనికి అక్కర్లేదు. ఆదివారం తెల్లారి దిగి చర్చికి వెళ్లాక ఆ రాత్రి మళ్లీ డ్యూటీ లేకపోతే చాలు. ఒడిశా కుర్రాడికి ఆదివారంతో పనిలేదు. డ్రైవింగ్ లైసెన్స్ కోసం తిరుగుతున్నాడు, ఆర్టీఏ ఆఫీసు, బ్యాంకు తెరిచుండే రోజు ఒకటి కావాలి.

ఇందులో ఏ ఇద్దరూ నేరుగా మార్చుకోలేరు. మన గార్డు దగ్గరున్న సోమవారం చర్చికెళ్లే అతనికి వద్దు. అతని దగ్గరున్న శనివారం కుర్రాడికి వద్దు. ఇద్దరిద్దరుగా బేరమాడితే ఎన్నేళ్లయినా తెమలదు. ముగ్గురినీ ఒక చుట్టులో పెట్టి చూస్తే ఒక్క క్షణంలో తెగింది. సోమవారం కుర్రాడికి, కుర్రాడి ఆదివారం చర్చికెళ్లే అతనికి, అతని శనివారం మన గార్డుకు. షిఫ్టులు ఎవరివీ మారలేదు, ఆఫ్‌లే తిరిగాయి. ఇప్పుడు రిలీవర్ వారం ఇలా ఉంది:

మంగళ – ఏ, బుధ – ఏ, గురు – బీ, శుక్ర – బీ, శని – సీ, ఆది – సీ, సోమ – ఆఫ్.

డబుల్ మాయమైంది. షిఫ్టులన్నీ ముందుకే నడుస్తున్నాయి, వెనక్కి తిరిగే చోటే లేదు. మిగిలిన లోపం ఒకటి. కుర్రాడు సోమవారం తెల్లారి ఆరుకు దిగి మంగళవారం ఆరుకు ఎక్కాలి. ఆఫ్ సరిగ్గా ఇరవై నాలుగు గంటలే, మిగతావాళ్లకు వచ్చేది నలభై. రాత్రి షిఫ్టు అర్ధరాత్రి దాటితే సెలవును ఆ షిఫ్టు ముగిసిన క్షణం నుంచి ఇరవై నాలుగు గంటలుగా లెక్కపెట్టాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. అపార్ట్‌మెంట్ గేటు ఫ్యాక్టరీ కాదు, కానీ తెల్లారిదాకా పనిచేసినవాడికి క్యాలెండర్‌లో తేదీ మారినంత మాత్రాన సెలవు ఇచ్చినట్టు కాదన్న ఆ సూత్రం ఇక్కడా పనికొస్తుంది. కుర్రాడి ఆఫ్ ఆ కనీసాన్ని అందుకుంటుంది, దాటదు. ముగ్గురూ ఆ సంగతి తెలిసే ఒప్పుకున్నారు.

మార్చే వారంలో ఇంకో చిక్కు వచ్చింది. పాత సోమవారం ఆఫ్ అయిపోయాక కొత్త శనివారం నుంచి మొదలుపెడితే మన గార్డుకు ఆ వారం రెండు ఆఫ్‌లు, కుర్రాడికి ఏడు డ్యూటీలు. పైగా సోమ, మంగళవారాల పాత డబుల్ అతను ఇంకొక్కసారి చేయాలి. అలా కాకుండా సోమవారం ఆఫ్ ఎగ్గొట్టి శనివారం దాకా లాగితే మన గార్డు వరసగా పదకొండు రాత్రులు నిలబడాలి. పెద్దాయన మొదటిదాన్నే ఎంచుకున్నాడు. ఆ వారం మన గార్డుకు ఒక డ్యూటీ కూలి తగ్గింది, కుర్రాడికి ఏడో డ్యూటీకి ఓటీ రాయించారు. చార్టు మార్చేటప్పుడు చాలామంది తప్పటడుగు వేసేది ఈ అతుకు దగ్గరే. పాత వారమూ బాగుంటుంది, కొత్త వారమూ బాగుంటుంది, మధ్యలో ఒకరు పదిరోజులు నలుగుతారు.

నోట్‌బుక్ నియమాలు

ఆఫ్‌లు కుదిరాక కూడా పెళ్లిళ్లూ జ్వరాలూ ఆగవు కదా. వాటి కోసం ఆ నోట్‌బుక్‌లోనే ఒక్కో మార్పిడికి ఒక వరస గీశారు. తేదీ, పాయింట్, షిఫ్టు, ఎవరి డ్యూటీ, ఎవరు నిలబడతారు, తిరిగి ఇచ్చే తేదీ, చివర ముగ్గురి సంతకాలు. ఇద్దరు గార్డులవి, ఒకటి సూపర్‌వైజర్‌ది. సూపర్‌వైజర్ సంతకం పెట్టి చార్టులోనూ మస్టర్‌లోనూ పేరు మార్చేదాకా మార్పిడి జరగనట్టే. పాత పేరున్న మనిషే రావాలి.

రెండో నియమం డ్యూటీకి డ్యూటీ, డబ్బు లేదు. డబ్బులిచ్చి డ్యూటీ కొనడం మొదలైతే అప్పుల్లో ఉన్నవాడు వారమంతా డబుల్స్ చేస్తాడు. తిరిగి ఇచ్చే తేదీ అదే నెలలో ఉండాలి, ఎందుకంటే జీతం నెలలోని డ్యూటీలు లెక్కపెట్టి వేస్తారు.

మూడోది అసలైనది. దిగిన వేళకూ ఎక్కే వేళకూ మధ్య పదకొండు గంటలు లేకపోతే మార్పిడి లేదు. యూరప్ దేశాల పనిగంటల చట్టం రోజువారీ విశ్రాంతికి పెట్టిన కనీసం కూడా పదకొండు గంటలే. ఎనిమిది గంటల షిఫ్టుల్లో దీన్ని గుర్తుపెట్టుకోవడం తేలిక. సీ దిగినవాడు అదే రోజు ఏకు గానీ బీకు గానీ ఎక్కకూడదు. బీ దిగినవాడు మర్నాడు ఏకు ఎక్కకూడదు.

ఈ నియమం మొదట అడ్డుపడింది మన గార్డుకే. బీ షిఫ్టులో ఒకతనికి గురువారం చెల్లెలి పెళ్లి. అతని ఆఫ్ శుక్రవారం. సాయం చేసినవాడి రుణం తీర్చుకోవాలని మన గార్డు, గురువారం బీ నేను చూస్తా అన్నాడు. పెద్దాయన నోట్‌బుక్ తెరిచాడు. గురువారం తెల్లారి ఆరుకు దిగి రెండుకు ఎక్కితే ఎనిమిది గంటలే, పదికి మళ్లీ తన సీ ఉంది, మొత్తం పదహారు. కుదరదు. గురువారం ఆఫ్ ఉన్నది బీ షిఫ్టులోనే ఉన్న రెండో మనిషికి, అంటే పెద్దాయనకే. ఆయన తన గురువారం ఇచ్చి శుక్రవారం తీసుకున్నాడు. ఇద్దరిదీ ఒకే షిఫ్టు కావడంతో విరామాలు చెక్కుచెదరలేదు. అప్పటినుంచి, మార్పిడి కావాలంటే ముందు నీ షిఫ్టులోనే రెండో గేటువాణ్ణి అడుగు అన్నది ఆ సైటులో అలవాటైంది.

ఫీల్డ్ ఆఫీసర్ మొదట ఇదేదో యూనియన్ పని అనుకున్నాడు. గార్డులు చార్టు మార్చేదేమిటన్నాడు. పెద్దాయన వాదించలేదు. "నలభై రెండు గడులూ నిండుతాయి సార్, మీకు రాత్రిపూట ఫోన్లు తగ్గుతాయి" అని లెక్క చూపించాడు. గడులు నిండినంతకాలం ఎవరి పేరుతో నిండాయన్నది ఆ ఆఫీసర్‌కు పట్టింపు కాదు. మీ నోట్‌బుక్ మీరే చూసుకోండి, సంతకం మాత్రం నేను చూడాలి అన్నాడు. కుర్రాడు నెల దాటినా నిలిచాడు. మన గార్డుకు పగటి ఫోన్లు తగ్గాయి.

మార్పిడితో తీరనివి

తగ్గాయి గానీ ఆగలేదు. సంక్రాంతి దీనికి పరీక్ష. శ్రీకాకుళం, ఒడిశా, రాయలసీమ మనుషులున్న చోట భోగికి ఊళ్లో ఉండాలని ఎవరికి ఉండదు? ఏడుగురిలో ఇద్దరు వారం రోజులు వెళితే మిగిలిన ఐదుగురూ ఆరేసి చేస్తే ముప్ఫై. నలభై రెండుకు పన్నెండు తక్కువ. ఆ పన్నెండూ డబుల్స్‌గానో, పోయిన ఆఫ్‌లుగానో పడాల్సిందే. మార్పిడి డ్యూటీలను అటూ ఇటూ జరుపుతుందే గానీ కొత్త మనిషిని పుట్టించదు. నోట్‌బుక్ వల్ల అయిన మేలు ఒకటే. క్రిస్మస్‌కు ఎవరు, సంక్రాంతికి ఎవరు, ఉగాదికి ఎవరు అని నవంబరులోనే రాసుకుని, ఆ వారాలకు అదనపు మనిషి కావాలని ఫీల్డ్ ఆఫీసర్‌కు ముందే కాగితం ఇచ్చారు.

పన్నెండు గంటల షిఫ్టులు నడిచే సైట్లలో ఈ పద్ధతి అసలు నిలబడదు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది, మళ్లీ తెల్లారి ఎనిమిది. గేటుకు ఇద్దరే, ఆఫ్ ఇవ్వకపోతే మనిషికి వారానికి 84 గంటలు. అక్కడ పగలూ రాత్రీ మార్చుకోబోతే ఒకరు ఇరవై నాలుగు గంటలు నిలబడటమే. వారానికి 48 గంటలు, ఆపైన చేసిన గంటకు రెట్టింపు వేతనం అన్నది మన కార్మిక చట్టాల్లో తరచూ కనిపించే కొలమానం. అలాంటి సైటుకు కావాల్సింది ఆ కొలమానానికి సరిపడా మనుషులు.

ఈ మాట గార్డులు చెప్పలేరు. చెబితే ఇంకో సైటుకు పంపేస్తారన్న భయం. ఏజెన్సీ తనంతట తాను చెప్పదు. చెప్పగలిగింది బిల్లు కట్టే కమిటీలే. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలకు 2005 నాటి కేంద్ర చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వ లైసెన్స్ ఉండాలి, కార్మిక చట్టాలను మీరితే ఆ లైసెన్స్ రద్దు చేసే వీలూ ఆ చట్టంలో ఉంది. కాబట్టి అడిగే హక్కు కమిటీకి ఉంది. మీరు అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఈ నెల మూడు పనులు చేయండి. గేట్ల సంఖ్యను మూడున్నరతో గుణించి, అంతమంది మస్టర్‌లో ఉన్నారో లేదో చూడండి. ఏజెన్సీ బిల్లులో ఉన్న మనుషులంతా నిజంగా మీ గేటు దగ్గరే నిలబడుతున్నారో, రిలీవర్ ఇంకో సైటులో ఉన్నాడో కనుక్కోండి. డ్యూటీ చార్టు వేశాక దాని మీద ఎన్ని కొట్టివేతలు పడ్డాయో లెక్కపెట్టండి. మనుషులు సరిపోకపోతే ఎవరు ఎంత సర్దుకున్నా లాభం లేదు, కమిటీ ఆ అర మనిషి జీతం కట్టాల్సిందే.